రెండు అలమరాల మందులు

పెద్దోడి పిడికిలి బిల్లింగ్ కౌంటరు అద్దానికున్న సందులోంచి దూసుకెళ్లి గుమస్తా ముక్కు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు క్యూలో చివరన ఉన్నవాళ్లకు కూడా వినిపించింది. గుమస్తా కుర్చీతో సహా వెనక్కి పడిపోయాడు. కీబోర్డు మీద, ప్రింటరు మీద, అప్పుడే బయటికొస్తున్న ఇంకెవరి బిల్లు మీదో రక్తం చిమ్మింది.

చెయ్యి వెనక్కి లాక్కునేటప్పుడు అద్దం అంచు గీరుకుని పెద్దోడి మణికట్టు కూడా తెగింది. అది వాడికి తెలియనే లేదు. సెక్యూరిటీ మనిషి ఒకడు వెనకనుంచి నడుం పట్టుకుంటే, వాణ్ని బెల్టు పట్టి ఎత్తి ఇనుప కుర్చీల వరస మీదకు విసిరేశాడు. రెండోవాడు కర్ర ఎత్తాడు గానీ, ముప్పై ఏళ్లుగా లారీలకు రేకు వంచుతున్న ఆ భుజాలను చూసి, ఎత్తిన కర్రను ఎత్తినట్టే ఉంచుకుని నిలబడిపోయాడు.

"మా నాన్న కాలికి మందు వేశారా, మీ ఇళ్లకు పునాదులు వేసుకున్నారా? చెప్పండ్రా!" అని అరుస్తున్నాడు పెద్దోడు. వాడి చేతిలో ఒకే ఒక్క కాగితం నలిగిపోతోంది. గది, ఆపరేషను, డాక్టర్లు, పరీక్షలు, మందులు, ఇతరాలు. అన్నీ కలిపి ఐదారు వరసలు, కింద ఒక పెద్ద అంకె. ఆ అంకెలో సగానికి దగ్గరగా మందులే ఉన్నాయి.

నడిపమ్మ లిఫ్టు దిగి వచ్చేసరికి జరగవలసింది జరిగిపోయింది. అన్నకూ తమ్ముడికీ మధ్య పుట్టింది కాబట్టి ఆ పేరు. పెద్దోడు ఆమెను చెల్లీ అంటాడు, చిన్నోడు అక్కా అంటాడు. వాళ్లిద్దరూ మాత్రం ఒకరినొకరు ఏమనీ పిలుచుకోరు. తండ్రి కట్టిన లారీ బాడీల షెడ్డును మధ్యలో రేకులు దిగ్గొట్టి రెండు చేసుకున్నప్పటినుంచీ వాళ్లకు మాటల్లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే షెడ్డు ముందు భాగంలో ఆమె నడిపే విడిభాగాల కొట్టుకు వచ్చి, "వాడితో చెప్పు" అని ఆమెకు చెప్పి పోతారు. ఆమె బోల్టులు తూకం వేస్తూనే ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తుంది. మధ్యలో బూతులు తీసేస్తుంది. అంత పని చేసినందుకు ఎవరూ ఆమెకు ఒక్క నట్టు కూడా ఊరికే ఇవ్వలేదు.

తండ్రి మాత్రం ఆ రేకుల గోడకు ఇటొక పూట, అటొక పూట కూర్చునేవాడు. అలా అటునుంచి ఇటు దాటుతుంటేనే తుప్పు పట్టిన రేకు అంచు పిక్కలో దిగింది. ఎవరి వైపు రేకు అన్న దాని మీద కొడుకులు గొంతులు పట్టుకున్నారే తప్ప, పుండు మీద ఎవరూ దృష్టి పెట్టలేదు. చీము పట్టి, జ్వరం తలకెక్కి, విషం రక్తంలోకి పాకాక గానీ ఆసుపత్రికి తేలేదు. పుండు కోసి శుభ్రం చేశారు, ఐసీయూలో పెట్టారు, ఖరీదైన ఇంజెక్షన్లు పూటపూటా ఎక్కించారు. బతికాడు. ఇవాళ డిశ్చార్జి.

"అన్నా, చెయ్యి దించు" అంది నడిపమ్మ. వాడు దించాడు. ఆమె మాట వింటాడని కాదు, అప్పటికే చెయ్యి నొప్పెట్టడం మొదలైంది.

కౌంటరు వెనక గుమస్తాను ఇద్దరు లేపి కూర్చోబెట్టారు. పాతికేళ్లు కూడా ఉండవు. రెండు చేతులూ ముఖానికి అడ్డంపెట్టుకుని నోటితో ఊపిరి పీలుస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారుతోంది. నడిపమ్మ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

అప్పుడే చిన్నోడు గుమ్మంలోంచి ఊడిపడ్డాడు. ఎవరో ఫోను చేశారట. అన్నను నలుగురు చుట్టుముట్టారని విని, నవ్వుకోవడానికి వచ్చాడేమో అనుకుంది నడిపమ్మ. వాడు నేలమీద పడిన బిల్లు తీసి చూశాడు. వాడి మెడ మీద నరాలు తాళ్లలా లేచాయి.

"అన్నా, ఇంత వేశారా?" అన్నాడు.

అన్నా. ఆ మాట విని పెద్దోడు ఒక్క క్షణం అరవడం మర్చిపోయాడు. తర్వాత ఇద్దరూ కలిసి అరిచారు. చిన్నోడు పక్కనే ఉన్న మంటలార్పే సిలిండరు పీకి చేతిలోకి తీసుకున్నాడు. క్యూలో ఉన్నవాళ్లు గోడలకు అతుక్కుపోయారు.

"సాయంత్రంలోగా ఈ లెక్క సరిచేయకపోతే, షెడ్డులో మనుషులంతా వస్తారు. లారీ స్టాండులో వాళ్లూ వస్తారు. ఒక్క అద్దం మిగలదు. ఒక్కడికి పళ్లు మిగలవు" అన్నాడు పెద్దోడు.

"మనుషుల సంగతి నేను చూస్తాలే అన్నా" అన్నాడు చిన్నోడు. ఇద్దరూ భుజాలు రాసుకుంటూ గేటు దగ్గరకు నడిచారు.

నిజం చెప్పాలంటే, రక్తం ఇంకా తుడవకముందే నడిపమ్మ గుండె ఎగిరి గంతేసింది. అది తప్పని ఆమెకు తెలుసు. అయినా ఏళ్ల తరబడి ఇద్దరి మధ్యా నలిగిన మనిషికి, అన్నదమ్ములు పక్కపక్కన నడుస్తుంటే కళ్లు చెమర్చవా? ఈ ఆసుపత్రివాళ్లు దొంగలని ఒక్కసారి రుజువైతే చాలు, వీళ్లు ఇలాగే ఉండిపోతారు అనుకుంది. గొడవ జరగకూడదు. లెక్క మాత్రం తేలాలి. తెలివిగా తేల్చాలి.

బిల్లింగ్ మేనేజరు గది తలుపు లోపల గడియ పెట్టుకుని ఉంది. "నేనొక్కదాన్నే. చేతిలో ఏమీ లేదు" అని చెప్పాక తీశాడు. బట్టతల మీద చెమట పూసలు పట్టి ఉన్నాయి.

"మా వాడి ముక్కు విరిగింది. పోలీసు కంప్లైంటు రాస్తున్నాం. మీ వాళ్లతో మాట్లాడేదేం లేదు" అన్నాడు.

"రాయండి. కొట్టినవాణ్ని నేను వెనకేసుకు రాను. కానీ బిల్లు మా నాన్నది, ఆయన ఎవర్నీ కొట్టలేదు. నాకు ఐటమ్ వారీ బిల్లు కావాలి. ఏ రోజు, ఏ మందు, ఎన్ని, ఒక్కోటి ఎంత, అన్నీ విడివిడిగా. ఈ ఒక్క కాగితం మీద ఎవరైనా డబ్బు కడతారా? నా కొట్లో పది బోల్టులు కొన్నవాడికి కూడా సైజు రాసి ఇస్తాను."

ఆయన గొణిగాడు. ఆమె అక్కడే నిలబడి ఒక అర్జీ రాసింది. రోగి పేరు, ఆసుపత్రి నంబరు, అడిగినవి ఏమిటో, తేదీ, సంతకం. "దీని మీద అందిందని ముద్ర వేసి ఒక కాపీ ఇవ్వండి. లేదంటే ఇవ్వననే రాసి ఇవ్వండి" అంది. లేదని రాసివ్వడానికి ఏ మేనేజరుకు చెయ్యి వస్తుంది? ముద్ర వేశాడు. ప్రింటరు చాలాసేపు కూసింది. కట్ట పట్టుకుంటే బరువుగా ఉంది.

ఆ కట్ట తీసుకుని ఇన్సూరెన్స్ డెస్కు దగ్గరకు వెళ్లింది. అక్కడ కూర్చునే ఆవిడ కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన ఉత్తరాన్ని బల్లమీద పరిచింది.

"బిల్లెంతో, కంపెనీ ఒప్పుకున్నదెంతో ఇక్కడుంది. కింద చూడండి, ఏది ఎందుకు కోశారో ఒక్కో దానికీ కారణం రాస్తారు. చాలామంది ఈ రెండో పేజీ చూడరమ్మా. నేరుగా మా మీద పడతారు."

మొదటి కోత గ్లవ్సులు, మాస్కులు, సిరంజీలు వగైరా. అవి ఈ పాలసీలో లేవు. రెండో కోత చూసి నడిపమ్మ కళ్లు నులుముకుంది.

"గది ఒక్కటే పెద్దది తీసుకున్నాం. సర్జనుగారి ఫీజులో కూడా కోశారేంటండీ?"

"పాలసీలో గది అద్దెకు రోజుకింత అని హద్దు ఉంది. మీరు దానికి రెట్టింపు గది తీసుకున్నారు. అద్దెలో తేడా ఒక్కటే పోదు. ఆపరేషను ఫీజు, డాక్టరు విజిట్లు, ఇవన్నీ గదిని బట్టే పెరుగుతాయి కాబట్టి, అదే లెక్కన వాటిల్లోనూ కోస్తారు. మందుల్లో కొయ్యరు. మామూలు గది ఖాళీ లేక మేమే పై గదిలో పెట్టి ఉంటే ఉత్తరం రాసిచ్చేదాన్ని, కంపెనీని అడిగి చూసేవాళ్లం. కానీ ఇది మీ అన్నయ్యగారే అడిగి మార్పించుకున్నారు. సంతకం ఉంది."

అవును, అడిగాడు. మామూలు వార్డులో అయితే తమ్ముడి మనుషులు అస్తమానం వచ్చి కూర్చుంటారని, తలుపున్న గది కావాలని తన్నుకుని మరీ తీసుకున్నాడు. చేరేటప్పుడే పాలసీ కాగితం తెచ్చి హద్దెంతో అడిగి ఉంటే సరిపోయేది కదా అని తనను తానే తిట్టుకుంది నడిపమ్మ.

"మరి ఈ మూడోది?"

"వార్డు చార్టులో లేని మందులు. మీ బిల్లులో యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రోజుకు నాలుగు ఉన్నాయి. నర్సులు ఎక్కించినట్టు రాసింది రోజుకు రెండే. ఎక్కించని మందుకు కంపెనీ డబ్బు ఇవ్వదు. మీరు చార్టు కాపీ తీసుకుని పోల్చి చూసుకోండి. తేడా ఉంటే బిల్లింగులో సరి చేయించండి, సరిచేసిన బిల్లు మళ్లీ కంపెనీకి పంపుతాను. అది వచ్చేదాకా ఆఖరి లెక్క కాదు."

నడిపమ్మ పై అంతస్తుకు పరుగెత్తింది. పెద్ద నర్సు చార్టు ముందు పెట్టింది. ఆమె ఒక గీటుబద్ద అడిగి తీసుకుని, బిల్లు ఒక పక్కా చార్టు ఒక పక్కా పెట్టుకుని, వరస వరసా దిగింది. తప్పులు దొరికాయి. ఐసీయూనుంచి గదికి మార్చిన మర్నాడు కూడా ఐసీయూ మానిటరు అద్దె పడింది. ఊళ్లో లేని రోజు కూడా పెద్ద డాక్టరు వచ్చి చూసినట్టు ఫీజు పడింది. పెద్ద నర్సు చూసి నాలుక కరుచుకుని, ఆ రెండింటి మీదా సంతకం పెట్టింది. ఇక ఇంజెక్షన్ల దగ్గరకు వస్తే, గదిలోకి మార్చినప్పటినుంచీ రోజూ రెండు ఎక్కించారు, రోజూ నాలుగు రాశారు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

దొంగలు! అచ్చమైన దొంగలు! తనకు వచ్చింది కోపమో సంతోషమో ఆమెకే తెలియదు. కిటికీలోంచి చూస్తే గేటు బయట లారీ ఒకటి ఆగి ఉంది. దాని మీదనుంచి మనుషులు దిగుతున్నారు. గొలుసులు, వీల్ స్పానర్లు, ఇనుప కమ్ములు. మధ్యలో అన్నా తమ్ముడూ ఒకే సీసాలో నీళ్లు తాగుతున్నారు.

అరుద్దామని కిటికీ రెక్క తోసింది. కానీ ఆమెకో అలవాటుంది. సరుకు తక్కువైందని ఎవరైనా కొట్టుకు వచ్చి గోల చేస్తే, ముందు సరుకు అందుకున్న సంతకం ఎవరిదో చూస్తుంది. ఆ అలవాటు ఆమెను కిందికి, మందుల దుకాణానికి నడిపించింది.

"ఈ ఇంజెక్షన్లు ఎవరికి ఇచ్చారో ఆ చీటీలు చూపించండి."

మందుల దుకాణం మనిషి చీటీల దొంతర తీశాడు. నర్సు రాసినవి, కింద తీసుకున్నవాళ్ల సంతకాలతో. పగటి చీటీ మీద చిన్నోడి సంతకం, రేకు మీద గీత గీసినట్టు పొడుగ్గా. రాత్రి చీటీ మీద పెద్దోడి సంతకం, వంగిపోయిన మేకులా. మర్నాడు మళ్లీ అదే. ఆ మర్నాడూ అదే. చీటీలన్నీ తిరగేసింది, అన్నీ అంతే.

క్యాజువాలిటీ గది పక్కనే ఉంది. తెర వెనక మంచం మీద గుమస్తా కూర్చుని ఉన్నాడు, ముక్కులో దూది కుక్కి, కళ్ల కింద నల్లగా కమిలిపోయి. క్షమాపణ అడగాలని వెళ్లింది గానీ నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"బాబూ, ఇంజెక్షన్లు రెట్టింపు ఎందుకు పడ్డాయో నీకు తెలుసా?"

వాడు నోటితో ఊపిరి తీస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "మీ అన్నగారు అడగ్గానే స్క్రీను మీద చూశానండి. పగలొకసారి, రాత్రొకసారి ఇష్యూ అయ్యాయి. మీ ఇంట్లో ఇద్దరు వేరువేరుగా తెస్తున్నారా సార్ అని అడుగుదామని నోరు తెరిచాను. అంతే, మాట బయటికి రాలేదు."

నడిపమ్మ ఆ కుర్రాడి కాళ్లు పట్టుకుంది. వాడు కంగారుపడి కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

మూడో అంతస్తులో తండ్రి మంచానికి రెండు పక్కలా రెండు చిన్న అలమరాలు ఉన్నాయి. ఎడమది పగటిపూట ఉండే చిన్నోడిది, కుడిది రాత్రి పడుకునే పెద్దోడిది. రెండింటికీ తాళాలు, ఇద్దరి జేబుల్లో చెవులు. ఆమె వీల్‌చైరు బాగుచేసేవాడి దగ్గర స్క్రూడ్రైవరు లాక్కొచ్చి ఎడమ తాళం కొక్కెం పెకలించింది. చెక్క చీలి వేలికి గుచ్చుకుంది. లోపల ఇంజెక్షన్ డబ్బాలు, సీలు తియ్యనివి, ఒకదాని మీద ఒకటి. కుడి అలమరా కూడా విరగ్గొట్టింది. అందులోనూ అంతే.

ఇక అర్థం కాకపోవడానికి ఏముంది? పొద్దున నర్సు రోజంతటికీ సరిపడా చీటీ రాసేది. చిన్నోడు రెండు డోసులూ తెచ్చి, ఒకటి ఎక్కించగానే రెండోది తాళం వేసి ఇంటికి పోయేవాడు. రాత్రి నర్సు మందేదని అడిగితే, వాడెందుకు తెస్తాడు, వాడికి నాన్నంటే లెక్కా అని పెద్దోడు కొత్త చీటీ రాయించుకుని మళ్లీ రెండు డోసులు తెచ్చేవాడు. ఒకటి ఎక్కించి, రెండోది తాళం వేసి పోయేవాడు. పొద్దున వచ్చినవాడికి అన్న తెచ్చి ఉంటాడన్న నమ్మకం లేదు, దాచింది అవసరానికి ఉండనీ అని మళ్లీ కొత్త చీటీ మీదే తెచ్చేవాడు. నర్సులు మారిపోతారు, అడిగిన చీటీ రాసిస్తారు. తండ్రి మాత్రం దిండుకు ఆనుకుని ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు కూతురు తాళాలు పగలగొడుతుంటే కూడా నోరు మెదపకుండా చూశాడు.

కింద గేటు ఇనుప ఊచలు మోగాయి. ఎవరో కమ్మితో కొడుతున్నారు.

నిజం చెప్తే కౌంటరు బతుకుతుంది, కానీ ఆ గుంపు ముందే అన్నదమ్ములు ఒకరినొకరు చంపుకుంటారు. చెప్పకపోతే వాళ్లు కలిసే ఉంటారు, చెయ్యని తప్పుకు ఇంకా ఎన్ని ముక్కులు, ఎన్ని తలలు పగులుతాయో. ఫోను తీసి ఇద్దరినీ పైకి పిలిచింది. "లెక్క తేలింది, ముందు మీరిద్దరే రండి" అంది.

ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు. పెద్దోడి చేతిలో వీల్ స్పానరు ఉంది. విరిగిన అలమరాలకు అడ్డంగా నిలబడింది నడిపమ్మ.

"తప్పు నాదే. మందులు సరిపోవేమోనని భయపడి, రెండోసారి నేనే తెప్పించాను. ఆసుపత్రివాళ్లు అబద్ధం రాయలేదు. మనుషుల్ని పంపించెయ్యండి."

అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదని కాదు. ఇన్నేళ్లూ ఇద్దరి మధ్యా ఆడినవి అబద్ధాలే. ఈసారి అది ఒక్క నిమిషం కూడా నిలవలేదు.

పెద్దోడు ముఖం ఎర్రబడి, "నీవల్ల నేను ఒకడి ముక్కు పగలగొట్టానా!" అని లాగి ఒక్కటి కొట్టాడు. చెంప పేలిపోయింది. ఆమె మంచం పట్టీకి కొట్టుకుని పడింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"అక్క మీద చెయ్యి చేసుకుంటావురా!" చిన్నోడు మీదకు దూకాడు. ఇద్దరూ గోడకు కొట్టుకున్నారు. సెలైను స్టాండు పడిపోయింది, సీసా పగిలింది. పెద్దోడి స్పానరు చిన్నోడి నుదుటి మీద తగిలి చర్మం తెరుచుకుంది. రక్తం కంట్లో పడుతుంటే వాడు గుడ్డిగా అన్న మెడ పట్టుకుని నులిమాడు. పెద్దోడి నాలుక బయటికి వచ్చింది. గుమ్మంలో నర్సు కెవ్వుమంది.

నడిపమ్మ లేచింది. ఎడమ అలమరాలోంచి డబ్బాలు తీసి వాళ్ల మీదకు విసిరింది. కుడి అలమరాలోంచి తీసి విసిరింది. ముఖాల మీద, వీపుల మీద, చేతికి ఎక్కడ అందితే అక్కడ.

"ఇవి నీవి! ఇవి వాడివి! నేను తేలేదు, ఇద్దరూ తెచ్చారు! వాడు తెస్తాడని నువ్వు నమ్మలేదు, నువ్వు తెస్తావని వాడు నమ్మలేదు! నాన్న చచ్చిపోతున్నా తోడబుట్టినవాడు మందు తేడనుకున్నారు కదరా! ఆసుపత్రివాళ్లు వేసిన తప్పు లెక్కలు రెండే రెండు, నేను సరి చేయించాను. మిగతా దొంగలు మీరే! దానికి ఎవడో కుర్రాడి ముక్కు విరగ్గొట్టారు!"

చిన్నోడి పట్టు జారింది. పెద్దోడు నేల మీద కూలబడి దగ్గాడు. సీలు తియ్యని డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని, అది ఏమిటో తెలియనివాడిలా అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్నోడు నుదురు పట్టుకుని తన అలమరా కేసీ, అన్న అలమరా కేసీ మార్చి మార్చి చూశాడు. తన అలమరాను కూడా ఎవరిదో పరాయివాడిది చూసినట్టే చూశాడు.

కాసేపటికి కానిస్టేబుళ్లు ఇద్దరు వచ్చారు. గుమస్తా కంప్లైంటు ఇచ్చాడు, ఇవ్వక ఏం చేస్తాడు. పెద్దోడు లేచి చేతులు ముందుకు చాచాడు. చిన్నోణ్ని కుట్లు వెయ్యడానికి కిందికి తీసుకుపోయారు. ఒకరు మెట్ల మీదుగా, ఒకరు లిఫ్టులో దిగారు. గేటు దగ్గర మనుషులకు ఎవరో విషయం చెప్పారు. వాళ్లు కమ్ములు లారీలో పడేసి వెళ్లిపోయారు.

నడిపమ్మ మోకాళ్ల మీద కూర్చుని, పగలని డబ్బాలు ఏరింది. సీలు చెదరకుండా, డబ్బా మీది బ్యాచి నంబరు బిల్లుతో కలిస్తే మందుల దుకాణంవాళ్లు వెనక్కి తీసుకుంటారు. ఆ డబ్బు బిల్లులో తగ్గుతుంది. నలిగినవి, పగిలినవి తీసుకోరు. ఆమె చేతులతో విసిరినవే చాలా పగిలాయి. తర్వాత సరిచేసిన బిల్లు మళ్లీ కంపెనీకి పంపించాలి. గది హద్దు దాటినందుకు పోయినది ఇక రాదు. చెంప వాచి ఒక కన్ను సరిగ్గా తెరుచుకోవడం లేదు.

"నాన్నా," అంది తల ఎత్తకుండానే. "నువ్వు రోజూ చూశావు కదా. ఇద్దరూ తేవడం, తాళాలు వేసుకోవడం. ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత జరిగేదా? ఎందుకు చెప్పలేదు?"

ముసలాయన కిటికీ వైపు తిరిగాడు.

"వాడు మందు తెస్తున్నాడని వీడికి తెలిస్తే, వీడు రావడం మానేస్తాడు. వీడు తెస్తున్నాడంటే వాడు మానేస్తాడు. ఇన్నేళ్లలో ఇద్దరూ రోజూ నా దగ్గరికొచ్చింది ఇప్పుడే తల్లీ. ఇంకో నాలుగు రోజులు అలాగే రానీ అనుకున్నాను."

నడిపమ్మ చేతిలోని డబ్బాలు ఒళ్లో పెట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తండ్రిని కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. ఆ చేత్తోనే ఆయన కాలి కట్టు మీద పడ్డ గాజు పెంకు తీసి పక్కన పడేసి, వీల్‌చైరు తీసుకురావడానికి వెళ్లింది.